ఒకే గ్రాఫు, రెండు అర్థాలు: నిద్ర, జ్ఞాపకం పాఠం మీద ఒక ప్రశ్న

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్తాను. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలకు నాడీవ్యవస్థ పాఠాల ఆఖరున జ్ఞాపకం గురించి రెండు గంటలు ఉంటాయి. అందులో ఒక మాట ఏటా చెప్తాను. నేర్చుకున్నది మెదడులో అప్పటికప్పుడు గట్టిపడదు, దానికి కొంత సమయం కావాలి, ఆ పనిలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది అని. దీన్ని కన్సాలిడేషన్ అంటారు. 1900లో జర్మనీలో ముల్లర్, పిల్జెకర్ అనే ఇద్దరు ఈ పదాన్ని జ్ఞాపకానికి వాడారు. పిల్లలు ఆ మాట నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో అలాగే తిరిగి రాస్తారు.

కొన్నేళ్ల కిందట ఈ పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. "నిద్ర జ్ఞాపకాన్ని స్థిరపరుస్తుంది అనే మాటను పరీక్షించడానికి ఒక ప్రయోగం రూపొందించండి. ఒక పేజీ చాలు." ప్రశ్న బాగా కుదిరిందనే అనుకున్నాను. కాగితాలు దిద్దడం మొదలుపెట్టిన సాయంత్రం ఆ సంతోషం పోయింది. నా ప్రశ్నకు తప్పు జవాబు రాయడం దాదాపు అసాధ్యం. సరైన జవాబు రాయడమూ అంతే కష్టం. దాన్ని ఎన్నిసార్లు మార్చి రాశానో, ఒక్కో మార్పు ఏ జవాబు వల్ల వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు పాఠంలో నేను చూపించే గ్రాఫు గురించి చెప్పాలి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1924లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు చేసిన పని అది. వాళ్ల దగ్గర పాల్గొన్నది ఇద్దరే ఇద్దరు విద్యార్థులు. అర్థంలేని అక్షరాల ముక్కలు పదేసి చొప్పున బట్టీ పట్టించారు. కొన్నిసార్లు నేర్చుకున్న వెంటనే పడుకోబెట్టారు, కొన్నిసార్లు మామూలుగా తిరగనిచ్చారు. ఒక గంట, రెండు గంటలు, నాలుగు, ఎనిమిది గంటల తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడిగారు. ఎనిమిది గంటలు మెలకువగా ఉంటే పదింట్లో ఒకటి మిగిలింది. ఎనిమిది గంటలు పడుకుంటే సగానికి పైగా మిగిలాయి. పైగా నిద్ర గీత రెండు గంటల దగ్గర ఆగి, ఆ తర్వాత ఇంకా కిందికి దిగలేదు.

స్లైడు మీద ఈ గ్రాఫు పడగానే క్లాసులో ఎవరో ఒకరు పక్కవాడి వైపు తిరిగి "చూశావా, రాత్రంతా చదవొద్దని చెప్పానా" అంటారు. నేనూ నవ్వి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయేదాన్ని. నిద్ర జ్ఞాపకాన్ని స్థిరపరుస్తుందనడానికి ఇదే సాక్ష్యం అన్నట్టు చూపించేదాన్ని.

మొదటి ఏడాది వచ్చిన జవాబుల్లో ముప్పావు వంతు ఒకేలా ఉన్నాయి. రెండు గ్రూపులు. ఇద్దరికీ సాయంత్రం పదాల జాబితా నేర్పాలి. ఒక గ్రూపు ఎనిమిది గంటలు పడుకోవాలి, రెండో గ్రూపు రాత్రంతా మేలుకోవాలి. పొద్దున్నే ఇద్దరికీ టెస్టు. పడుకున్నవాళ్లకు ఎక్కువ గుర్తుంటే చెప్పిన మాట నిజం.

ఇందులో తప్పేముందని వాళ్లనే అడిగాను. జవాబు వెంటనే రాలేదు. అందుకని ఇంకోలా అడిగాను. "రాత్రంతా మేలుకున్నవాణ్ణి పొద్దున ఏడు గంటలకు వాళ్ల ఊరి పిన్‌కోడ్ అడిగితే ఎలా చెప్తాడు?" నవ్వులు. తడుముకుంటూ చెప్తాడు. పిన్‌కోడ్ ఎప్పటినుంచో స్థిరపడి ఉన్న జ్ఞాపకమే, కానీ నిద్రలేని బుర్రకు అది సమయానికి దొరకదు. అంటే ఆ టెస్టులో తక్కువ మార్కులు వచ్చాయంటే జ్ఞాపకం గట్టిపడలేదో, గట్టిపడినా మనిషి అలసి వెతుక్కోలేకపోయాడో చెప్పలేం. జ్ఞాపకం ఏర్పడేటప్పుడు ఏం జరిగిందన్నది మనకు కావాలి. ఈ ప్రయోగం కొలిచేది దాన్ని బయటికి తీసేటప్పుడు మనిషి ఎలా ఉన్నాడన్నది. ఈ రెండూ కలగాపులగం అయిపోయాయి.

దీనికి ఒక మందు ఉంది. మేలుకున్న గ్రూపును ఆ తర్వాత ఒకటి రెండు రాత్రులు హాయిగా పడుకోనిచ్చి, అప్పుడు ఇద్దరికీ టెస్టు పెట్టాలి. అలసట పోతుంది. మొదటి రాత్రి నిద్ర దక్కిందా లేదా అన్న తేడా మాత్రం మిగులుతుంది. కొందరు ఆ ఏడాదే ఇది పట్టుకున్నారు. వాళ్లకు నేను ఎక్కువ మార్కులు వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే తొందరపడ్డాననే అనిపిస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

రెండో ఏడాది ప్రశ్నకు ఒక షరతు కలిపాను. "ఎవరి నిద్రా చెడగొట్టకూడదు." దాంతో జవాబులు మారాయి. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు అనే పద్ధతి వచ్చింది. ఒక గ్రూపు పొద్దున తొమ్మిదికి నేర్చుకుని రాత్రి తొమ్మిదికి టెస్టు రాస్తుంది. రెండో గ్రూపు రాత్రి తొమ్మిదికి నేర్చుకుని పొద్దున తొమ్మిదికి రాస్తుంది. ఇద్దరికీ మధ్యలో పన్నెండు గంటలే. ఒకరికి ఆ మధ్యలో నిద్ర ఉంది, ఒకరికి లేదు. ఎవరూ మేలుకోనక్కర్లేదు. పరిశోధనల్లో నిజంగా ఎక్కువ వాడే పద్ధతి ఇదే.

అయితే కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి కాగితం చివర పెన్సిల్‌తో ఒక వాక్యం రాసింది. "మేడమ్, మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపేది, అప్పుడు చదివితే బుర్రకెక్కుతుందని. అమ్మ మాట నిజమైతే నా ప్రయోగం తప్పు."

ఈ వాక్యాన్ని తర్వాతి క్లాసులో బోర్డు మీద రాశాను. మన ఇళ్లలో పిల్లలందరూ విన్న మాటే అది. అందులో ఉన్న అనుమానం చాలా పదునైనది. మనిషి చురుకుదనం రోజు పొడవునా ఒకేలా ఉండదు. రాత్రి తొమ్మిదికి నేర్చుకున్నవాళ్లు అప్పటికే అలసి ఉంటారు, పొద్దున తొమ్మిదికి టెస్టు రాసేటప్పుడు తాజాగా ఉంటారు. పగటి గ్రూపుకు సరిగ్గా దీనికి తలకిందులు. కాబట్టి తేడా వస్తే అది మధ్యలోని నిద్రదా, గడియారానిదా? 1924 నాటి గ్రాఫుకూ ఈ చిక్కు ఉంది. ఆ ఇద్దరు విద్యార్థులు నిద్ర షరతుకు రాత్రి పొద్దుపోయాక నేర్చుకున్నారు, మెలకువ షరతుకు పొద్దున నేర్చుకున్నారు.

దీన్ని సరిచేయడం తేలికే. మరో రెండు చిన్న గ్రూపులు చేర్చాలి. ఒకటి పొద్దున నేర్చుకుని అరగంటలో టెస్టు రాస్తుంది, ఇంకొకటి రాత్రి నేర్చుకుని అరగంటలో రాస్తుంది. ఈ ఇద్దరి మధ్య తేడా లేకపోతే గడియారం ప్రభావం పెద్దగా లేదని చెప్పొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. అందరికీ ఇరవై నాలుగు గంటల విరామం ఇవ్వాలి. పొద్దున నేర్చుకున్నవాళ్లు మర్నాటి పొద్దునే రాస్తారు, రాత్రి నేర్చుకున్నవాళ్లు మర్నాటి రాత్రే రాస్తారు. ఇప్పుడు అందరికీ ఒక పూర్తి రాత్రి నిద్రా ఉంది, ఒక పూర్తి పగలూ ఉంది. ఎవరికి వాళ్లకు నేర్చుకునే వేళా, రాసే వేళా ఒక్కటే. ముఖ్యమైన తేడా ఒకటే, నేర్చుకున్నాక నిద్ర ముందు వచ్చిందా పగలు ముందు వచ్చిందా అన్నది. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. ఇలా చేసినప్పుడు, నేర్చుకున్న కాసేపటికే పడుకున్నవాళ్లకు ఎక్కువ గుర్తున్నట్టు 2006లోనూ 2012లోనూ అచ్చైన పరిశోధనలు చూపించాయి.

ఇక్కడికి క్లాసు సంతృప్తిపడింది. నేనూ పడ్డాను. ప్రశ్న కుదిరిందనుకున్నాను.

ఆ సెలవుల్లో 1924 వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. అంతకుముందు దాన్ని గ్రాఫు కోసం మాత్రమే తిరగేశానని ఒప్పుకోవాలి. చివర ఆ ఇద్దరు రాసిన నిర్ణయంలో కన్సాలిడేషన్‌కు ప్రాముఖ్యం లేదు. మరుపు అంటే పాతది తనంతట తాను అరిగిపోవడం కాదు, కొత్త అనుభవాలు వచ్చి పాతదానికి అడ్డుతగలడం, దాన్ని చెరిపేయడం అని వాళ్ల వాదన. నిద్రలో కొత్తవేమీ లోపలికి రావు కాబట్టి నేర్చుకున్నది మిగిలింది. వాళ్ల లెక్కలో నిద్ర ఏ పనీ చేయలేదు, తలుపు మూసి ఉంచిందంతే.

అంటే నేను ఏళ్లుగా కన్సాలిడేషన్‌కు సాక్ష్యమని చూపించిన గ్రాఫును, దాన్ని గీసినవాళ్లే వేరేదానికి సాక్ష్యమన్నారు. గ్రాఫు ఒకటే, అర్థాలు రెండు. నిద్ర జ్ఞాపకం మీద ఏదో పని చేసి దాన్ని గట్టిపరుస్తుందన్నది ఒకటి. నిద్ర ఏమీ చేయదు, పగటి రొద నుంచి కాపాడుతుందన్నది రెండోది. ఊరగాయ జాడీని అటక మీద పెట్టినట్టు అనుకోండి. మూడు వారాల తర్వాత ముక్క బాగుందంటే లోపల ఊరడం వల్లనా, ఎవరూ తడి చెయ్యి పెట్టకపోవడం వల్లనా?

ఇప్పుడు పిల్లల ప్రయోగాలన్నీ మళ్లీ చూడండి. రాత్రంతా మేలుకున్నవాడు ఎనిమిది గంటలు ఏదో ఒకటి చూస్తూ, వింటూ ఉంటాడు. తర్వాత రెండు రాత్రులు పడుకోనిచ్చినా ఆ ఎనిమిది గంటల రొద అప్పటికే పడిపోయింది. నేను మార్కులు ఎక్కువ వేసి తొందరపడ్డానన్నది ఇందుకే. పగలు రాత్రి పద్ధతిలోనూ అంతే. నాకిష్టమైన ఇరవై నాలుగు గంటల పద్ధతి కొంచెం నయం, ఇద్దరికీ ఒక పగలు రొద ఉంది కాబట్టి. కాపాడటం మాత్రమే నిజమైతే, ఏది ముందు వచ్చినా చివరికి సమానం కావాలి కదా అని వాదించొచ్చు. అయితే నేర్చుకున్న వెంటనే తగిలే రొద, ఎనిమిది గంటల తర్వాత తగిలే రొదకన్నా ఎక్కువ చెరుపుతుందని అనుకుంటే ఆ వాదనా జారిపోతుంది.

కాబట్టి ప్రశ్నను మూడోసారి రాశాను. "ఇదిగో 1924 గ్రాఫు. దీనికి రెండు వివరణలు ఉన్నాయి. ఒకటి, నిద్ర జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. రెండు, నిద్ర కొత్తవాటిని దూరంగా ఉంచుతుందంతే. ఈ రెండు వివరణలూ వేర్వేరు ఫలితాలు చెప్పే ప్రయోగం ఒకటి రాయండి. ప్రయోగం చేయకముందే, ఏ ఫలితం వస్తే మొదటి వివరణ వదులుకుంటారో రాయండి." మార్కుల్లో సగం ఆ చివరి వాక్యానికే.

ఈసారి సగంమంది ఖాళీగా ఇచ్చారు. అది నాకు మంచి గుర్తుగానే అనిపించింది. రాసినవాళ్లలో ఇద్దరు హాస్టల్ రూమ్మేట్లు దాదాపు ఒకే ఆలోచనతో వచ్చారు. కాపీ కొట్టారేమో అని అడిగితే "లేదు మేడమ్, రాత్రి ఇద్దరం దీనిమీదే గొడవ పడ్డాం" అన్నారు. వాళ్ల ఆలోచన ఇది. రొద నుంచి తప్పించడం అన్నది అనుమానమైతే, రొదను మనమే కావాలని ఇద్దాం, అందరికీ ఒకే కొలతలో.

అది ఎలాగంటే, ముందు జంట పదాలు నేర్పాలి. గొడుగు, బెల్లం. నిచ్చెన, చిలక. దువ్వెన, చెరువు. ఇలా ఇరవై జంటలు. గొడుగు అంటే బెల్లం అని చెప్పగలగాలి. తర్వాత పన్నెండు గంటలు. ఒక సగం ఆ మధ్యలో పడుకుంటారు, ఇంకో సగం మేలుకుంటారు. టెస్టుకు కాస్త ముందు, ఒక్కో సగంలో మళ్లీ సగంమందికి అవే మొదటి పదాలతో వేరే జంటలు నేర్పాలి. గొడుగు, కిటికీ. నిచ్చెన, ఉప్పు. ఆ వెంటనే అందరినీ మొదటి జంట అడగాలి. గొడుగు అనగానే కిటికీ నాలుక మీదికి వస్తుంది, బెల్లం వెనక్కి పోతుంది. అనుభవంలోకి వస్తే తప్ప ఆ చిరాకు తెలియదు. క్లాసులో ఐదు జంటలతో చేయించాను, ముందు వరుసలో ఒకబ్బాయి "గొడుగు... గొడుగు..." అంటూ తల పట్టుకున్నాడు.

ఇప్పుడు రెండు వివరణలూ విడిపోతాయి. నిద్ర కాపాడటం మాత్రమే చేస్తే, నిద్రలేచినవాడి జ్ఞాపకం లోపల ఏమీ మారలేదు. కొత్త జంటలు ఇద్దరినీ ఒకే మేర దెబ్బతీయాలి. రొద ఇవ్వనప్పుడు పడుకున్నవాళ్లకూ మేలుకున్నవాళ్లకూ ఎంత తేడా ఉందో, రొద ఇచ్చాక కూడా దాదాపు అంతే ఉండాలి. నిద్ర గట్టిపరిస్తే, పడుకున్నవాళ్ల జంటలు దెబ్బకు తట్టుకోవాలి, మేలుకున్నవాళ్లవి కూలిపోవాలి. తేడా పెరగాలి. కాబట్టి మనం చూడాల్సింది పడుకున్నవాళ్లకు ఎక్కువ గుర్తుందా అన్నది కానే కాదు. తేడా పెరిగిందా అన్నది చూడాలి. తేడాల మధ్య తేడా.

ఆ ఇద్దరికీ తెలియని విషయం, ఈ ప్రయోగం ఇప్పటికే జరిగింది. 2006లో ఎలెన్‌బోజెన్, ఆయన తోటివాళ్లు ఇలాగే ఇరవై జంటలతో, నలభై ఎనిమిది మందితో చేశారు. కొత్త జంటలు నేర్పనప్పుడు పడుకున్నవాళ్లకు 94 శాతం, మేలుకున్నవాళ్లకు 82 శాతం గుర్తున్నాయి. కొత్త జంటలు నేర్పాక 76, 32. తేడా 12 నుంచి 44కు పెరిగింది. ఇవి బోర్డు మీద రాసేసరికి రూమ్మేట్లిద్దరూ చేతులు కలుపుకున్నారు.

నేను 94 కింద గీత గీశాను. "ఇరవైలో 94 శాతం అంటే ఎన్ని?" దాదాపు పంతొమ్మిది. ఇంకా ఎన్ని రాగలవు? ఒకటి. పడుకున్నవాళ్ల జ్ఞాపకం నిజానికి ఇంకా చాలా గట్టిదే అయినా, లెక్క ఇరవై దగ్గర ఆగిపోతుంది. పైకప్పు తగిలినట్టు. పైన చోటు లేనప్పుడు రెండు గ్రూపుల తేడా చిన్నగా కనిపిస్తుంది. రొద ఇచ్చి అందరినీ కిందికి లాగితే దాగిన తేడా బయటపడుతుంది. అప్పుడు తేడా పెరిగినట్టే కనిపిస్తుంది, నిజానికి మొదటినుంచీ ఉన్నదే కావచ్చు. దీన్ని ఎలా తప్పించుకోవాలి? జంటలు ఎక్కువ ఇవ్వాలి, నేర్పడం మధ్యలో ఆపాలి. రొద లేని గ్రూపు కూడా డెబ్బై శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలి. అదీ కాక, 2020లో మరో బృందం ఈ పద్ధతిని మళ్లీ చేసి చూస్తే నిద్ర ఇచ్చే ఆ రక్షణ కనిపించలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు కాస్త నీరసపడింది. "మరి పరీక్షలో ఏం రాయాలి మేడమ్?" అని వెనక బెంచీ నుంచి వచ్చింది. రెండూ రాయమన్నాను.

అదే వారం కొందరు ఉత్సాహపడి తమలో తాము ఎనిమిదిమంది చిన్నగా చేసి చూసుకున్నారు. ఇది పరిశోధన కాదు, సరదా కసరత్తు. ఇతర విద్యార్థుల మీద నిజంగా చేయాలంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పాఠం చెప్పే టీచరే వాళ్లను పాల్గొనమనడం కూడా సబబు కాదు. కానీ ఆ కసరత్తులో చెడిపోయినవి పేపరు మీద ఎప్పటికీ కనిపించేవి కావు. మేలుకోవాల్సిన గ్రూపులో ఒకడు మధ్యాహ్నం బయోకెమిస్ట్రీ క్లాసులో నలభై నిమిషాలు నిద్రపోయాడు, పోయానని తర్వాత ఒప్పుకున్నాడు. ఇంకొకమ్మాయి సాయంత్రం టెస్టు ఉందని తెలుసు కాబట్టి మెస్‌కు వెళ్తూ వస్తూ జంటలు వల్లె వేసుకుంది. పడుకున్నవాళ్లకు ఆ అవకాశం లేదు. వల్లె వేయడం మెలకువ గ్రూపుకు అనుకూలం, కునుకు కూడా అంతే. రెండూ తేడాను చెరిపేవే. కాబట్టి టెస్టు ఉంటుందని ముందే చెప్పకూడదు, మణికట్టుకు కదలికలు నమోదుచేసే వాచీలాంటిది కట్టాలి, చివర్లో వల్లె వేశారా అని అడగాలి.

లెక్క వేయడంలో వచ్చిన చిక్కు ఇంకా బాగుంది, ఇప్పుడు ఏటా దాన్నే రెండో ప్రశ్నగా ఇస్తున్నాను. అంకెలు ఊహించినవి. నలభై జంటలు. పడుకునే గ్రూపు నేర్చుకున్న వెంటనే సగటున 36 చెప్పింది, పన్నెండు గంటల తర్వాత 30. మేలుకునే గ్రూపు వెంటనే 24, తర్వాత 20. ఎవరు నయం?

చివరి అంకె చూస్తే 30కి 20, నిద్రే గెలిచింది. ఎన్ని పోయాయో చూస్తే 6కి 4, నిద్ర ఓడింది. మొదటిదాంట్లో ఎంత శాతం మిగిలిందో చూస్తే రెండూ 83, తేడానే లేదు. ఒకే అంకెల నుంచి మూడు జవాబులు. ఫలితం చూశాక కొలత ఎంచుకుంటే ఎవరికి కావాల్సింది వాళ్లు నిరూపించుకోవచ్చు. అందుకే ఏ కొలత వాడతారో ముందే రాయాలి. అంతకంటే మంచిది, రెండు గ్రూపులనూ ఒకే చోట మొదలుపెట్టించడం. నలభైలో 24 వచ్చేదాకా నేర్పి ఆపేయాలి. అప్పుడు మూడు కొలతలూ ఒకే మాట చెప్తాయి. దీనికీ ఒక చిన్న ఖర్చు ఉంది. ఒకరు రెండో విడతలోనే 24కు చేరతారు, మరొకరికి ఐదు విడతలు కావాలి, వాళ్లకు సాధన ఎక్కువైనట్టే. అయినా ముందటి గందరగోళంతో పోలిస్తే ఇది భరించొచ్చు.

ఎంతమంది కావాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. రెండు వేర్వేరు గ్రూపుల మధ్య ఓ మాదిరి తేడా, అంటే మార్కుల చెదురులో సగమంత, మామూలు కొలమానాల ప్రకారం పదింట్లో ఎనిమిదిసార్లు పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది కావాలి. అదే మనిషి మీద రెండు షరతులూ పెట్టగలిగితే, అదే పరిమాణంలో ఉండే తేడాకు మొత్తం 34 మంది చాలు. తేడాల మధ్య తేడా వెతకాలంటే ఇంకా చాలామంది కావాలి.

అదే మనిషి మీద రెండు షరతులు అన్నదగ్గర నుంచి పోయినేడు మంచి మలుపు వచ్చింది. ఒకబ్బాయి ఇలా రాశాడు. "అందరినీ పడుకోబెడదాం. అందరికీ ఒకే నిద్ర, ఒకే రొద. నిద్రలో ఏదైనా పని జరుగుతుంటే, ఆ పనిని మనం బయటినుంచి కొంచెం ఎక్కువ చేయగలమా?" ఎలా ఎక్కువ చేయాలో అతనికి తెలియదు. "చెవిలో పదాలు చెప్తే లేస్తారేమో" అని కూడా రాసుకున్నాడు. కానీ ఆలోచన అసలైన చోట పడింది.

దానికి 2007లో జర్మనీలో రాష్, బోర్న్, వాళ్ల తోటివాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. జతలు కలిపే కార్డుల ఆట మనకు తెలిసిందే, బోర్లించిన కార్డుల్లో ఒకేలాంటి రెండు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. అలాంటి పదిహేను జతల చోట్లు సాయంత్రం నేర్పారు, నేర్చుకుంటున్నంతసేపూ ముక్కుకు గులాబీ వాసన అందించారు. వాళ్లు గాఢనిద్రలోకి వెళ్లాక, మెదడు తరంగాలు నెమ్మదించిన దశలో, అదే వాసన మళ్లీ ఇచ్చారు. వాసనకు మనిషి శబ్దానికి లేచినట్టు లేవడు. ఇంకో రాత్రి అదే మనుషులకు వాసన లేని గాలి ఇచ్చారు. వాసన ఇచ్చిన రాత్రి తర్వాత, సాయంత్రం నేర్చుకున్నదాంట్లో 97 శాతం మిగిలింది. లేని రాత్రి 86.

ఈ అంకెలకన్నా ఆ ప్రయోగంలోని మిగతా గ్రూపులు నాకు ముఖ్యం. నేర్చుకునేటప్పుడు వాసన లేకుండా నిద్రలో మాత్రమే ఇస్తే లాభం లేదు. అంటే వాసన నిద్రను బాగుచేసినందువల్ల వచ్చిన లాభం కాదు. కలల దశలో ఇస్తే లాభం లేదు. మెలకువలో ఇస్తే లాభం లేదు. నేర్చుకున్నదానితో ముడిపడ్డ వాసన, గాఢనిద్రలో ఇస్తేనే పనిచేసింది. తలుపు మూసి ఉంచడం అనే వివరణకు ఇక్కడ నిలబడటానికి చోటు లేదు, ఎందుకంటే రెండు రాత్రులూ తలుపు ఒకేలా మూసి ఉంది. ఒక్కో గ్రూపు ఒక్కో తప్పించుకునే దారిని మూసేసింది. పిల్లలకు ఈ ప్రయోగాన్ని ఫలితం చెప్పకుండా ఇచ్చి, "ఈ గ్రూపు ఎందుకు పెట్టారు? ఇది లేకపోతే ఎవరు ఏమని వాదిస్తారు?" అని ఒక్కొక్కటిగా అడుగుతాను. ప్రయోగం రూపొందించడం నేర్పడానికి నాకు దొరికిన దారుల్లో ఇదే బాగా పనిచేసింది.

దీనికీ హద్దు ఉంది. బయటినుంచి వాసన ఇచ్చి జ్ఞాపకాన్ని తట్టిలేపితే అది మెరుగుపడుతుందని తెలిసింది. ఎవరూ తట్టకుండా, మామూలు రాత్రి, మన మెదడు తనంతట తాను అదే పని చేస్తోందనీ, 1924 గ్రాఫులో కనిపించిన లాభమంతా దానివల్లనే అనీ ఇది చెప్పదు. ఎలుకల్లో అటువైపు సాక్ష్యం ఉంది. మెదడులో జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగంలో, పగలు తిరిగిన చోట్లకు సంబంధించిన కణాలు నిద్రలో మళ్లీ కలిసి పలుకుతాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ చూపించారు. నిద్రలో ఆ కణాల చిన్న పేలుళ్లను కరెంటుతో ఆపేస్తే ఎలుకలు దారి నేర్చుకోవడంలో వెనకబడ్డాయని 2009లో తేలింది. పెంచితే పెరిగింది, ఆపితే తగ్గింది. అయినా మనిషి మామూలు రాత్రిలో కాపాడటం ఎంత, గట్టిపరచడం ఎంత అన్న వాటాలు ఈ ప్రయోగాల్లో ఏదీ తేల్చదు. రెండూ కలిసే జరుగుతూ ఉండొచ్చు, పిల్లలు ఒకదాన్నే ఎంచుకోవాలన్న ఆత్రంలో ఈ సంగతి మరిచిపోతారు.

ఈ ఏడాది ప్రశ్న మూడోసారి రాసినట్టే ఉంచి, కింద ఒక వరుస చేర్చాను: "మీ ప్రయోగంలో ఏ అంకెలు వస్తే ఏదీ తేలలేదని ఒప్పుకుంటారు?" నిన్న దిద్దిన కాగితాల్లో ఒకటి నా టేబుల్ మీద ఇంకా ఉంది. జంట పదాల ప్రయోగమే రాసింది ఆ పిల్ల. చివర ఇలా ఉంది: "రొద ఇచ్చాక కూడా తేడా అంతే ఉంటే నిద్ర గట్టిపరుస్తుందన్న మాట వదిలేస్తాను. తేడా పెరిగి, రొద లేనివాళ్లకు ముప్పై ఆరు దాటి వస్తే ఏమీ అనను, ఇంకా ఎక్కువ జంటలతో మళ్లీ చేస్తాను." నలభైలో ముప్పై ఆరే ఎందుకని మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రాసి తిరిగిచ్చేయబోతున్నాను.